విదేశీ చదువుకు పంపిన డబ్బు మీద కోసుకున్న టీసీఎస్ వెనక్కి రావాలంటే: గోదావరి డెల్టా రైతు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల, తణుకు పరిసరాల్లో విదేశంలో చదివే పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. సెమిస్టరు ఫీజు పంపడానికి బ్యాంకుకు వెళ్లిన ప్రతిసారీ ఖాతాలో నుంచి ఫీజుతో పాటు ఇంకో మొత్తం కూడా పోతుంది. రసీదులో దాని పక్కన ‘టీసీఎస్’ అని ఉంటుంది. దాన్ని బ్యాంకు చార్జీ అనుకుని వదిలేసే రైతులు ఎక్కువమంది కనిపిస్తారు. అది బ్యాంకు చార్జీ కాదు. మీ పాన్ మీద కేంద్ర ప్రభుత్వ ఖజానాకు ముందుగా జమ చేసిన ఆదాయపు పన్ను. ఆ ఏడాది మీరు కట్టాల్సిన పన్నులో దాన్ని తగ్గించుకోవచ్చు. కట్టాల్సిన పన్నే లేకపోతే మొత్తం వెనక్కి వస్తుంది. అయితే దానంతట అది రాదు. మీరు ఆదాయపు పన్ను రిటర్ను వేసి అడగాలి.

ఈ వ్యాసంలో ప్రధానంగా ఒకే రకం కుటుంబాన్ని తీసుకుంటున్నాను: వ్యవసాయమే జీవనాధారంగా ఉండి, ఇప్పటివరకు రిటర్ను వేయాల్సిన అవసరమే రాని కుటుంబం. ఉద్యోగస్తుడికి ఏటా రిటర్ను వేసే అలవాటు ఉంటుంది కాబట్టి టీసీఎస్ అతని కంట పడుతుంది. ఎక్కువగా నష్టపోతున్నది రైతే. విదేశీ టూర్ ప్యాకేజీ మీద కోసే పన్ను విషయం చివర్లో చెబుతాను, దాన్ని వెనక్కి తెచ్చుకునే దారి కూడా ఇదే.

ఎంత కోస్తారు

ఆదాయపు పన్ను చట్టంలోని 206C(1G) సెక్షన్ కింద ఈ వసూలు 2020 అక్టోబరు 1న మొదలైంది. రేట్లు అప్పటి నుంచి పలుమార్లు మారాయి. ఇక్కడ 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు పంపిన డబ్బు గురించి మాట్లాడుకుందాం. ఆ ఏడాది ఒక మనిషి తన పాన్ మీద విదేశాలకు పంపిన మొత్తం 10 లక్షలు దాటే వరకు బ్యాంకు ఏమీ కోయదు. దాటిన భాగం మీద, చదువు కోసమైతే 5 శాతం కోస్తుంది. చదువు, వైద్యం కాకుండా వేరే పని కోసమైతే 20 శాతం. 80E సెక్షన్ గుర్తించిన బ్యాంకు లేదా ఆర్థిక సంస్థ నుంచి విద్యారుణం తీసుకుని ఆ డబ్బే పంపితే అసలు కోత లేదు. అయితే రుణం మంజూరు పత్రం డబ్బు పంపే రోజునే బ్యాంకు చేతిలో ఉండాలి.

2026 ఏప్రిల్ 1 నుంచి చదువుకు 10 లక్షలు దాటిన భాగం మీద రేటు 2 శాతానికి తగ్గింది. దాంతో ఇక మీద ఇరుక్కునే డబ్బు తక్కువే. కానీ నిరుడు 5 శాతం, 20 శాతం లెక్కన పోయిన డబ్బును ఈ ఏడాది రిటర్నులో అడగాలి.

10 లక్షల పరిమితి ఒక్కో మనిషికి విడివిడిగా వర్తిస్తుంది. ఒకే మనిషి నాలుగు బ్యాంకుల నుంచి పంపినా అన్నీ కలిపి లెక్కిస్తారు, ఎందుకంటే ఏడాదిలో అప్పటిదాకా ఎంత పంపారో ప్రతి బ్యాంకుకూ మీరు రాసి ఇవ్వాలి. తల్లికీ తండ్రికీ సొంత ఖాతాలు, సొంత పాన్‌లు ఉండి, ఎవరి డబ్బు వారు పంపితే ఇద్దరికీ చెరో 10 లక్షల పరిమితి దొరుకుతుంది. పేర్లు పంచుకోవాల్సింది డబ్బు పంపే ముందే. కోత పడ్డాక ఆ అవకాశం ఉండదు.

బ్యాంకు కౌంటరు దగ్గరే తేలిపోయే రెండు విషయాలు

వాపసు సులువుగా వస్తుందా, తిప్పలు పెడుతుందా అన్నది ఎక్కువగా డబ్బు పంపే రోజున నింపే ఫారం A2 లోనే తేలిపోతుంది.

మొదటిది పాన్. ఎవరి పాన్ మీద పన్ను కోస్తే వాళ్లే రిటర్ను వేసి అడగాలి. కొందరు తండ్రులు ముందు కొడుకు ఖాతాకు డబ్బు వేసి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి పంపుతారు. అప్పుడు టీసీఎస్ కొడుకు పాన్‌లో పడుతుంది. మేజరైన కొడుకు టీసీఎస్‌ను తండ్రి తన రిటర్నులో చూపించడం కుదరదు. రిటర్ను ఆ అబ్బాయే వేయాలి, ధ్రువీకరించాలి. ధ్రువీకరణకు ఓటీపీ అతని ఆధార్‌కు జతచేసిన భారతీయ నంబరుకు వస్తుంది. ఆ సిమ్ రీచార్జి లేక ఆగిపోయి ఉంటే పని అక్కడే ఆగుతుంది. మైనరు పిల్లల విషయంలో మాత్రం, వాళ్ల ఆదాయం ఎవరి ఆదాయంలో కలుస్తుందో ఆ తల్లి లేదా తండ్రి అడిగే వీలు 2025 జనవరి 1 నుంచి వచ్చింది. విదేశాలకు చదువుకు వెళ్లేవాళ్లలో మైనర్లు తక్కువే కాబట్టి, తల్లిదండ్రుల్లో ఒకరి ఖాతా నుంచి నేరుగా పంపడమే మేలు.

రెండోది పర్పస్ కోడ్, అంటే డబ్బు ఏ పని కోసం వెళుతోందో చెప్పే సంకేతం. దీని దగ్గర జరిగే పొరపాటు చాలా మామూలుగా కనిపిస్తుంది. ఫీజు పంపినప్పుడు ఇబ్బంది రాదు. విశ్వవిద్యాలయం బిల్లు కనిపిస్తుంది కాబట్టి కౌంటరులోని వారు విద్యా ప్రయాణం, ఫీజులు, హాస్టలు ఖర్చులకు ఉన్న S0305 వేస్తారు. గది అద్దె కోసం, తిండి ఖర్చు కోసం డబ్బు పంపేటప్పుడే చిక్కు వస్తుంది.

“ఈ మూడు లక్షలు దేనికండి?”

“అబ్బాయి అక్కడ ఇంటి ఖర్చులకండి.”

“కుటుంబ పోషణకన్నమాట.”

“అవునండి.”

ఈ నాలుగు మాటలతో S1301, అంటే కుటుంబ పోషణ కోడ్ పడుతుంది. 5 శాతం పోయి 20 శాతం కోత వస్తుంది. నిజానికి చదువుకునే విద్యార్థి అద్దె, భోజనం, స్థానిక ప్రయాణం, ఆరోగ్య ఖర్చు, చదువుకోవడానికి వెళ్లే విమానం టికెట్టు కూడా చదువు ఖర్చు కిందకే వస్తాయని ప్రత్యక్ష పన్నుల బోర్డు 2023 జూన్ 30న ఇచ్చిన 10వ నంబరు సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. అందుకే జీవన వ్యయానికి పంపేటప్పుడు కూడా ప్రవేశ పత్రం, విద్యార్థి వీసా నకలు తీసుకెళ్లి, “ఇది చదువు ఖర్చు, చదువు కోడ్ వేయండి” అని నోరు తెరిచి అడగండి. ఫారం మీద సంతకం పెట్టే ముందు ఆ కోడ్ చదవండి.

తప్పు కోడ్ పడిపోయి, పన్ను ఖజానాకు వెళ్లిపోయాక బ్యాంకుతో వాదిస్తూ కూర్చోవద్దు. పోయింది 5 శాతమైనా 20 శాతమైనా రిటర్ను ద్వారా ఒకే తీరుగా వెనక్కి వస్తుంది. తేడా అంతా ఎంత డబ్బు ఎన్ని నెలలు ఇరుక్కుంటుందన్నదే.

ఒక కుటుంబం లెక్క

అంబాజీపేట దగ్గర ఎనిమిది ఎకరాలున్న 54 ఏళ్ల రైతును ఊహించుకుందాం. ఐదు ఎకరాల కొబ్బరి, మూడు ఎకరాల వరి. కొబ్బరి దింపులు, సార్వా, దాళ్వా కలిపి ఏడాదికి వచ్చింది 9,20,000 రూపాయలు. కూలీలు, ఎరువులు, కోత ఖర్చులు 2,80,000. నికర వ్యవసాయ ఆదాయం 6,40,000. కొడుకు అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. ఆ చదువు కోసమే ఎన్నో ఏళ్లుగా ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేసి దాచిన డబ్బు ఉంది.

2025 ఆగస్టులో 14 లక్షలు ఫీజు పంపాడు. మొదటి 10 లక్షలకు కోత లేదు, మిగిలిన 4 లక్షల మీద 5 శాతం అంటే 20,000 పోయింది. 2026 జనవరిలో 6 లక్షలు ఫీజుకు పంపితే 30,000 పోయింది. అదే నెలలో ఖర్చులకు పంపిన 3 లక్షల మీద కుటుంబ పోషణ కోడ్ పడి 20 శాతం లెక్కన 60,000 పోయింది. సరైన కోడ్ పడి ఉంటే ఆ చివరిది 15,000 మాత్రమే. మొత్తం టీసీఎస్ 1,10,000.

డిపాజిట్ల మీద ఆ ఏడాది వడ్డీ 1,60,000. దాని మీద బ్యాంకు 10 శాతం టీడీఎస్, అంటే వడ్డీ ఇచ్చేటప్పుడే ముందుగా కోసే పన్ను, 16,000 కోసింది. సేవింగ్స్ ఖాతా వడ్డీ 8,000. పన్ను పరిధిలోకి వచ్చే ఆదాయం ఈ రెండు వడ్డీలే, 1,68,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. ఇతర ఆదాయం 4 లక్షలు దాటితేనే వ్యవసాయ ఆదాయాన్ని పన్ను రేటు లెక్కలోకి తెస్తారు, ఇక్కడ ఆ ప్రసక్తే రాదు. అంటే కట్టాల్సిన పన్ను సున్నా. రావాల్సింది 1,10,000, దానికి 16,000 కలిపి 1,26,000.

ఈ రైతుకు రిటర్ను వేయడం ఐచ్ఛికం కూడా కాదు. పన్ను ఆదాయం పరిమితి లోపే ఉన్నా, ఏడాదిలో టీడీఎస్, టీసీఎస్ కలిపి 25,000 లేదా అంతకు మించితే రిటర్ను తప్పనిసరి. 60 ఏళ్లు నిండినవారికి ఆ పరిమితి 50,000. తన కోసమైనా వేరొకరి కోసమైనా విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు మించి ఖర్చు పెట్టినవారికీ అంతే. ‘మాకు పన్ను ఆదాయం లేదు కదా’ అని ఊరుకుంటే వచ్చే డబ్బు రాకపోవడమే కాదు, చట్టం అడిగిన పని చేయనట్టు కూడా అవుతుంది.

మొదటి పని: 26AS చూడటం

రిటర్ను ముట్టుకునే ముందు మీ పాన్ మీద ఎంత జమైందో చూడండి. incometax.gov.in లో పాన్ నంబరుతో లాగిన్ అవ్వండి. ఇంతకుముందు ఖాతా లేకపోతే ‘Register’ నొక్కి తెరుచుకోవాలి. పాన్‌ను ఆధార్‌తో జతచేసి ఉండాలి. జతచేయని పాన్ మీద రిఫండు ఇవ్వరు. లోపలికి వెళ్లాక ఇలా పోతే 26AS, అంటే మీ పాన్ మీద జమైన పన్నుల పట్టిక, తెరుచుకుంటుంది:

```
e-File → Income Tax Returns → View Form 26AS
```

అసెస్‌మెంట్ ఇయర్ 2026-27 ఎంచుకోండి. 2025-26లో పంపిన డబ్బు వివరాలు 2026-27 కింద ఉంటాయి. ఇక్కడ ఏడాది తప్పు ఎంచుకుని, ఖాళీ పేజీ చూసి కంగారుపడేవాళ్లు చాలామంది. ‘Details of Tax Collected at Source’ అనే భాగంలో మీ బ్యాంకు పేరు, పన్ను కోసేవారికి గుర్తింపుగా ఇచ్చే టాన్ నంబరు, మీరు పంపిన మొత్తం, కోసిన పన్ను కనిపిస్తాయి. సెక్షన్ గడిలో 206C తో మొదలయ్యే కోడ్ ఉంటుంది. ప్రతి వరుసకూ ఒక స్థితి అక్షరం ఉంటుంది. అది F అయితే జమ ఖరారైనట్టు. U అయితే బ్యాంకు చెప్పిన వివరాలు కట్టిన చలానాతో సరిపోలేదని అర్థం, ఆ డబ్బు ఇంకా మీ లెక్కలో నిలబడలేదు.

మన రైతుకు ఆగస్టు కోత ఒక వరుసగా, జనవరివి రెండు వరుసలుగా, మొత్తం 1,10,000 కనిపించాలి. బ్యాంకు మూడు నెలలకొకసారి ఫారం 27EQ అనే నివేదిక దాఖలు చేస్తుంది. జులై-సెప్టెంబరు నివేదికకు గడువు అక్టోబరు 15. జనవరి-మార్చి నివేదికకు మాత్రం మే 15. అందుకే ఏప్రిల్‌లో చూసినవారికి జనవరి కోత కనిపించకపోవచ్చు. మే నెల గడిచాక చూడండి, తొందరపడి అంతకుముందే రిటర్ను వేయవద్దు.

జూన్‌లోనూ కనిపించకపోతే మూడు కారణాల్లో ఒకటి కావచ్చు. బ్యాంకు నివేదికలో పాన్ తప్పుగా పడింది, ఆ వరుస వదిలేశారు, లేదా డబ్బు మీ పాన్ మీద కాక ఉమ్మడి ఖాతాలోని ఇంకొకరి పాన్ మీద పడింది. చివరిది తెలుసుకోవడం తేలిక, వాళ్ల 26AS తెరిచి చూస్తే చాలు. మొదటి రెండింటికి బ్యాంకు శాఖకు వెళ్లి ఫారం 27D అడగండి. అది టీసీఎస్ ధ్రువపత్రం. నివేదిక గడువు తర్వాత పదిహేను రోజుల్లో ఇవ్వడం వాళ్ల బాధ్యత. దాని మీద పాన్ తప్పుగా ఉంటే, డబ్బు పంపిన తేదీ, కోసిన మొత్తం, సరైన పాన్ రాసి, ఖాతా వివరణ పత్రం జతచేసి, దిద్దుబాటు నివేదిక వేయమని రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. 26AS లో కనిపించని టీసీఎస్‌ను రిటర్నులో చూపిస్తే, బెంగళూరులోని ప్రాసెసింగ్ కేంద్రం ఆ మేరకు తీసేసి లెక్క కడుతుంది.

ఇదే చోట ఇంకో మాట. విదేశీ కరెన్సీ మార్పిడి మీద పడిన జీఎస్టీ, బ్యాంకు పంపకపు రుసుము టీసీఎస్ కావు. అవి ఆదాయపు పన్ను రిటర్నులో వెనక్కి రావు.

రెండో పని: ఏ ఫారం

అందరికీ తెలిసిన ఐటీఆర్-1 సులువుగా ఉంటుంది. కానీ వ్యవసాయ ఆదాయం 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు. ఐటీఆర్-4 కూడా అంతే. ఎకరం చేను ఉన్నా ఆ 5,000 దాటిపోతుంది కాబట్టి, వ్యవసాయం, వడ్డీ తప్ప వేరే ఆదాయం లేని రైతు ఐటీఆర్-2 వేయాలి. తొందర కోసం వ్యవసాయ ఆదాయాన్ని వదిలేసి ఐటీఆర్-1 వేయించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే లక్షల్లో విదేశాలకు డబ్బు పంపిన మనిషికి ఆదాయమే లేనట్టు రిటర్ను చెబుతుంది. రేపు డబ్బు మూలం అడిగితే చూపించుకోవడానికి ఏమీ మిగలదు.

చేపల, రొయ్యల చెరువులున్నవారి సంగతి వేరు. చెరువు మీద వచ్చేది వ్యవసాయ ఆదాయం కాదు, అది వ్యాపార ఆదాయం, పన్ను పరిధిలోకి వస్తుంది. పక్కనే వరి చేను కూడా ఉంటే వారికి ఐటీఆర్-3 అవసరమవుతుంది. వాళ్లకు టీసీఎస్ రిఫండుగా రాకపోయినా, కట్టాల్సిన పన్నులో తగ్గుతుంది. ఏడాది మధ్యలో ముందస్తు పన్ను వాయిదాలు లెక్క వేసుకునేటప్పుడే దాన్ని మినహాయించుకోవచ్చు. ఇంట్లో టీచరో, బ్యాంకు ఉద్యోగో ఉండి వాళ్ల పాన్ మీద పంపితే ఇంకా మేలు. 2024 అక్టోబరు నుంచి జీతం ఇచ్చే అధికారికి టీసీఎస్ వివరాలు రాసిస్తే, జీతంలో నుంచి కోసే టీడీఎస్‌ను ఆ మేరకు తగ్గిస్తారు. డబ్బు ఏడాది పొడవునా ఇరుక్కోదు.

మూడో పని: ఐటీఆర్-2 నింపడం

పోర్టల్‌లో ఇలా వెళ్లండి:

```
e-File → Income Tax Returns → File Income Tax Return
```

ఏడాది, ‘Online’, ‘Individual’, ‘ITR-2’ ఎంచుకుంటే చాలా వివరాలు ముందే నిండి వస్తాయి. మన రైతు చూసుకోవాల్సిన భాగాలు మూడు.

వడ్డీ వివరాలు ‘Schedule OS’ లోకి వెళ్తాయి. డిపాజిట్ వడ్డీ, సేవింగ్స్ వడ్డీ విడివిడిగా రాయాలి.

వ్యవసాయ ఆదాయం ‘Schedule EI’ లో. మొత్తం రాబడి 9,20,000, ఖర్చు 2,80,000 వేరువేరుగా రాస్తే నికర ఆదాయం అదే లెక్క వస్తుంది. నికరం 5 లక్షలు దాటింది కాబట్టి ఇక్కడ ఇంకొన్ని వివరాలు అడుగుతుంది: భూమి ఉన్న జిల్లా, పిన్‌కోడ్, ఎన్ని ఎకరాలు, సొంతమా కౌలుకు తీసుకున్నదా, నీటి వసతి ఉన్నదా వర్షాధారమా. పట్టాదారు పాస్ పుస్తకం, 1బి దగ్గర పెట్టుకుని రాయండి. సెంట్లను ఎకరాల్లోకి మార్చాలి. 5 ఎకరాల 40 సెంట్లు అంటే 5.40. కాలువ కింద భూమికి ‘Irrigated’ ఎంచుకోండి. భూమి ఇద్దరు అన్నదమ్ముల పేరున ఉంటే మీ వాటా, మీ వాటా ఆదాయం మాత్రమే రాయాలి.

ఇక ‘Schedule TCS’. 26AS లో ఉన్న వరుసలు ఇక్కడ ముందే కనిపిస్తాయి. బ్యాంకు టాన్, కోసిన మొత్తం సరిచూసుకుని, ఈ ఏడాది ఎంత అడుగుతున్నారో ఆ గడిలో పూర్తి మొత్తం ఉందో లేదో చూడండి. వరుస కనిపిస్తున్నా, అడిగే గడి ఖాళీగా ఉంటే రిఫండులో ఆ డబ్బు కలవదు. ఇక్కడ ఒక నిమిషం ఆగి చూడటం మిగతా అన్నిటికంటే ముఖ్యం.

చివరి పేజీలో మొత్తం పన్ను సున్నా, చెల్లించినవి 1,26,000, రిఫండు 1,26,000 అని కనిపిస్తే లెక్క కుదిరినట్టు. 16,000 మాత్రమే కనిపిస్తే ‘Schedule TCS’ దగ్గరికి వెనక్కి వెళ్లండి.

నాలుగో పని: ఖాతా, ధ్రువీకరణ

రిఫండు ముందుగా సరిచూసిన ఖాతాకే వస్తుంది. ‘My Profile’ లో ‘My Bank Account’ తెరిచి ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇచ్చి ‘Validate’ చేయాలి. మన దగ్గర ఇది ఎక్కువగా ఆగేది పేర్ల దగ్గర. పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఎప్పుడో తెరిచిన సహకార బ్యాంకు, గ్రామీణ బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది. రెండూ కలవక ఖాతా తిరస్కారమవుతుంది. పాన్ నకలు ఇచ్చి ఖాతాలో పేరు దిద్దించండి, లేదా పేరు సరిగ్గా ఉన్న వేరే ఖాతా పెట్టండి. రిటర్ను వేసే ముందే ఇది చూసుకుంటే రిఫండు మంజూరయ్యాక తిరిగి వెళ్లే బాధ తప్పుతుంది.

రిటర్ను పంపిన 30 రోజుల్లో ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో రెండు నిమిషాల పని. ధ్రువీకరించని రిటర్నును వేయనట్టే లెక్కిస్తారు.

గడువు జులై 31. ఆ లోపు వేస్తే రిఫండు మీద ఏప్రిల్ 1 నుంచి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. మన రైతుకు ఆగస్టులో రిఫండు వస్తే ఐదు నెలలకు సుమారు 3,150 రూపాయలు అదనం. ఆ వడ్డీని వచ్చే ఏడాది ఆదాయంలో చూపించాలి. గడువు దాటితే డిసెంబరు 31 దాకా వేయవచ్చు. అప్పుడు 1,000 రూపాయల రుసుము పడుతుంది, రిఫండు మీద వడ్డీ రిటర్ను వేసిన రోజు నుంచే మొదలవుతుంది.

డబ్బు ఎక్కడిదని అడిగితే

23 లక్షలు విదేశానికి వెళ్లిన సంగతి మీ వార్షిక సమాచార నివేదికలో, అంటే ఏఐఎస్‌లో కనిపిస్తుంది. ఆదాయం చూస్తే వ్యవసాయం 6,40,000, వడ్డీ 1,68,000. తేడా ఎక్కడిదని శాఖ అడగవచ్చు. రిఫండు అడిగినందుకు ఇది రాదు, డబ్బు పంపినందుకు వస్తుంది. అడగకపోయినా ఆ సమాచారం వాళ్ల దగ్గర ఉంటుంది. కాబట్టి భయపడి రిటర్ను మానడంలో అర్థం లేదు. మన రైతు దగ్గర డిపాజిట్లు తెరిచిన రోజు నుంచి మూసిన రోజు వరకు బ్యాంకు కాగితాలుండాలి. ధాన్యం డబ్బు ఖాతాలో పడిన వివరాలు, కొబ్బరి వ్యాపారి ఇచ్చిన పట్టీలు, భూమి అమ్మి ఉంటే దస్తావేజు నకలు ఒక కవరులో పెట్టుకోవాలి. కొబ్బరి డబ్బు నగదుగా తీసుకునే అలవాటు ఉన్న ఇళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. పిల్లల చదువు సాగినంత కాలమైనా ఆ డబ్బు ఖాతాలోకి వేయించుకోండి.

టూర్ ప్యాకేజీ అయితే

టికెట్టు, హోటలు, ఇతర ఖర్చుల్లో కనీసం రెండు కలిపి ఒకరే అమ్మితే అది ప్యాకేజీ. టికెట్టు ఒక్కటే కొంటే కాదు. 2025-26లో టూర్ నిర్వాహకుడు 10 లక్షల దాకా 5 శాతం, ఆపైన 20 శాతం వసూలు చేయాలి. ఇక్కడ మొదటి రూపాయి నుంచే కోత ఉంటుంది. 6 లక్షల సింగపూర్ ప్యాకేజీకి 30,000. 2026 ఏప్రిల్ 1 నుంచి మొత్తం ఎంతైనా 2 శాతమే.

బ్యాంకుతో పోలిస్తే టూర్ నిర్వాహకుల దగ్గర జాగ్రత్త ఎక్కువ అవసరం. బిల్లులో టీసీఎస్ విడిగా ఒక వరుసలో ఉండాలి, వాళ్ల టాన్ ఉండాలి, మీ పాన్ సరిగ్గా ఉండాలి. ‘పన్నులన్నీ కలిపి’ అని ఒకే అంకె వేసిన బిల్లు తీసుకోవద్దు. డబ్బు కట్టి, మే నెల దాటినా 26AS లో ఏమీ కనిపించకపోతే ఫారం 27D అడగండి. నలుగురు కలిసి వెళ్లినా బిల్లు ఒకరి పాన్ మీద పడుతుంది, ఆ ఒక్కరే అడగాలి. ఇంట్లో ఏటా రిటర్ను వేసే మనిషి ఎవరో ముందే చూసుకుని వారి పేరున బిల్లు చేయించండి.

గడువు దాటిపోయిన ఏళ్ల డబ్బు

మొదటి సెమిస్టరుకు రెండు మూడేళ్ల కిందట పంపి, అప్పుడు రిటర్ను వేయకుండా వదిలేసినవారు ముందు పాత ఏళ్ల 26AS లు తెరిచి ఎంత పడి ఉందో చూడండి. ఆలస్యంగా వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రిఫండు అడగడం కుదరదు, దాన్ని వేయించి పెడతామనేవాళ్ల మాట నమ్మవద్దు. దారి ఒకటే, 119(2)(b) సెక్షన్ కింద ఆలస్యాన్ని మన్నించమని దరఖాస్తు. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2024 అక్టోబరు 1న ఇచ్చిన 11వ నంబరు సర్క్యులర్ ప్రకారం, అసెస్‌మెంట్ ఇయర్ ముగిసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు దరఖాస్తు చేయాలి. కోటి రూపాయల దాకా మొత్తాలకు నిర్ణయం కమిషనర్ స్థాయిలోనే జరుగుతుంది. పోర్టల్‌లో ‘Services’ కింద ‘Condonation Request’ ఉంటుంది. వ్యవసాయ ఆదాయం తప్ప పన్ను ఆదాయం లేదని, టీసీఎస్ తిరిగి వస్తుందని తెలియక రిటర్ను వేయలేదని ఉన్నది ఉన్నట్టు రాసి, ఫారం 27D, ఆ ఏటి 26AS, ప్రవేశ పత్రం, పాస్ పుస్తకం నకళ్లు జతచేయండి. మన్నింపు ఉత్తర్వు వచ్చాక ఆ ఏడాదికి రిటర్ను వేయాలి. ఇలా ఆలస్యంగా వచ్చే రిఫండుకు వడ్డీ ఉండదు, అసలు మాత్రం వస్తుంది. ఐదేళ్ల లెక్కలో పాత ఏడాది ముందుగా చేజారుతుంది కాబట్టి దరఖాస్తులు ఆ ఏడాదితోనే మొదలుపెట్టండి.